టర్మ్ పాలసీ ఎంతకు తీసుకోవాలి, చేతిలో ఎంత ఉంచుకోవాలి?

ప్రశ్న: నాకు 35 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 95 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఇంకా 41 లక్షలుంది, ఈఎంఐ 38 వేలు. ఇంటి ఖర్చు 40 వేలు, తెనాలిలో అమ్మానాన్నలకు 8 వేలు పంపుతాను. లక్ష రూపాయల చీటీ ఎత్తాను, ఇంకా 12 నెలలు 5 వేల చొప్పున కట్టాలి. నా భార్యకు 31, ఇంట్లోనే ఉంటుంది. పాపకు 5. పీఎఫ్ 7 లక్షలు, ఎఫ్‌డీ 2 లక్షలు ఉన్నాయి. ఆఫీసు ఇన్సూరెన్స్ 25 లక్షలుంది కాబట్టి ఇంకో 50 లక్షలు చాలంటున్నాడు ఏజెంట్. ఎమర్జెన్సీకి 6 నెలల ఖర్చు, అంటే 2.4 లక్షలు పక్కన పెడితే సరిపోతుందా?

జవాబు: రెండూ సరిపోవండి. ఎందుకో మా బావ సంగతి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మా అక్కావాళ్ళది గుంటూరు. 2022లో బావ గుండెపోటుతో పోయాడు, 41 ఏళ్ళు. 50 లక్షల టర్మ్ పాలసీ ఉందని తెలిసి చుట్టాలందరూ "పోన్లే, ఆ మాత్రం ముందుచూపు ఉంది" అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నా. ఇంటి లోన్ 23 లక్షలుంది, దానికి వేరే ఇన్సూరెన్స్ ఉందనే ధీమా. కాగితం తీసి చూస్తే అది లోన్ ఇచ్చినప్పుడు ఒకేసారి ప్రీమియం కట్టించుకున్న పాలసీ. లోన్ 20 ఏళ్ళది, పాలసీ మాత్రం 5 ఏళ్ళది. అంతకుముందు ఏడాదే దాని గడువు అయిపోయింది. సంతకం పెట్టిన రోజు ఆ గడి ఎవరూ చదవలేదు.

పెదకర్మ అయిన మర్నాడు ఇద్దరు వచ్చారు. మర్యాదగానే కూర్చుని కాఫీ తాగి, బావ రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు చూపించారు. షాపు పెట్టుకున్న తమ్ముడి కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. వడ్డీతో కలిపి 6 లక్షలు తేలింది. అక్కకు ఆ నోట్ల సంగతే తెలియదు. 50లో 23 లోనుకు, 6 నోట్లకు పోతే మిగిలింది 21 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 28 వేలు. భాగిస్తే 75 నెలలు. అప్పటికి మా మేనకోడలికి 7 ఏళ్ళు. అంటే ఆ పిల్ల ఎనిమిదో క్లాసులో ఉండగానే డబ్బు అయిపోతుంది. అక్క ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది, 11 వేలు ఇస్తున్నారు.

అందుకే జీతానికి పది రెట్లు, పదిహేను రెట్లు అనే లెక్క నాకు నచ్చదు. మీరు లేని నెల నుంచి ఆ ఇంట్లో ఏ ఖర్చు ఎన్నాళ్ళు నడవాలో ఒక్కొక్కటిగా రాయాలి. వడ్డీ, ధరల పెరుగుదల అంటూ కాలిక్యులేటర్లు చాలా అడుగుతాయి. నేను ఒక మొరటు పద్ధతి వాడతాను: వచ్చిన డబ్బు మీద వడ్డీ ఎంత వస్తే ధరలు కూడా అంతే పెరుగుతాయనుకుని, ఈ రోజు ఖర్చును నెలలతో గుణించేస్తాను. ఎఫ్‌డీలో పెట్టుకుని తినే ఇంటికి ఇది వాస్తవానికి దూరం కాదు. అంతకంటే ఎక్కువ వస్తే మంచిదే.

మీ ఇంటి లెక్క చూద్దాం. 40 వేలలో మీ పెట్రోలు, ఫోను, బయటి తిండి లాంటివి ఓ 7 వేలు తగ్గుతాయి. కానీ ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మీతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా కట్టడానికి నెలకు 3 వేలు కలపండి. 36 వేలు. పాపకు 22 వచ్చేదాకా, అంటే 17 ఏళ్ళు, ఇది నడవాలి: 73.4 లక్షలు. అప్పటికి మీ ఆవిడకు 48. ఏజెంట్లు ఇక్కడితో లెక్క ఆపేస్తారు. ఆవిడ ఆ తర్వాత కూడా బతకాలి కదా! ఒక్క మనిషికి నెలకు 20 వేలు, ఇంకో 35 ఏళ్ళు: 84 లక్షలు. తెనాలికి 8 వేల చొప్పున 20 ఏళ్ళు: 19.2 లక్షలు. పాప పెద్ద చదువుకు ఓ 15 లక్షలు. లోన్ 41 లక్షలు, ఎత్తేసిన చీటీలో కట్టాల్సిన 60 వేలు కలిపి 41.6. చీటీని చాలామంది పొదుపు అనుకుంటారు. ఎత్తకముందు పొదుపే, ఎత్తాక అప్పు. మొత్తం 233 లక్షలు.

ఇందులోంచి పీఎఫ్ 7 లక్షలు తీసేయండి. 226, అంటే రెండుంపావు కోట్లు. ఆఫీసు వాళ్ళ 25 లక్షలు నేను తీసేయను. అది ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. పోయిన రోజున మీకు 42 ఉండి షుగరో బీపీయో వచ్చి ఉంటే కొత్త పాలసీ ప్రీమియం వేరేగా ఉంటుంది, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. ఉంటున్న ఇంటిని కూడా తీసేయకూడదు. దాన్ని అమ్మితే మళ్ళీ అద్దె కట్టాలి.

రెండుంపావు కోట్ల ప్రీమియం బరువనిపిస్తే తగ్గించాల్సింది ఆ 84 లక్షల దగ్గర. మీ ఆవిడ నాలుగైదేళ్ళకైనా ఏదో ఒక పని చేయగలరని ఇద్దరూ కూర్చుని నిజాయితీగా అనుకోగలిగితే అది సగానికి తగ్గుతుంది, కవర్ 1.85 కోట్ల దగ్గర ఆగుతుంది. లోన్, పాప ఖర్చు, అమ్మానాన్నల డబ్బు మాత్రం ముట్టుకోకండి. పాలసీ గడువు 60 ఏళ్ళ దాకా చాలు. 85 దాకా, 99 దాకా తీసుకుంటే ఎవరూ మీ మీద ఆధారపడని కాలానికి కూడా ప్రీమియం కడుతున్నట్టే. బతికుంటే కట్టిన డబ్బు వెనక్కిచ్చే రకం జోలికి పోవద్దు. దాని ప్రీమియంతో మామూలు టర్మ్ చాలా ఎక్కువ కవర్ వస్తుంది, మీకు కావాల్సింది కవరే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఏజెంట్ పాత రేటు కాగితం చూపిస్తే ఒకసారి సరిచూసుకోండి.

తీసుకునేటప్పుడు రెండు సంగతులు. ఒకటి, ఫారంలో ఏదీ దాచకండి. బావ పాలసీకి అప్పటికి 14 నెలలే. కంపెనీ మనిషి వచ్చి ఆస్పత్రి కేసు షీట్లు, మందుల షాపు బిల్లులు అన్నీ తిరగేశాడు. బీపీ మాత్ర వేసుకుంటున్నట్టు బావ ఫారంలో రాసి, దానికి కాస్త ఎక్కువ ప్రీమియం కూడా కట్టాడు. అదే మమ్మల్ని కాపాడింది. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళు దాటిన పాలసీని కంపెనీ ప్రశ్నించకూడదు. ఈలోపు జరిగితే ఇలా తవ్వుతారు. రెండోది, 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకునే వీలుంది, ఫారంలోనే అడుగుతారు. అలా తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్ళు దాని మీదకు రాలేరు. మొదట్లోనే పెట్టాలి, తర్వాత పెట్టలేం. బావ పెట్టి ఉంటే ఆ 6 లక్షల దగ్గర అక్క మాట కాస్త గట్టిగా ఉండేది.

ఇక ఎమర్జెన్సీ డబ్బు. మీ 2.4 లక్షల్లో ఈఎంఐ లేదు. ఉద్యోగం పోయిన నెల బ్యాంకు ఆగదు. ఇంటి ఖర్చు బిగిస్తే 30 వేలకు తేవచ్చు, స్కూలు ఫీజు ఉంది కాబట్టి అంతకంటే దిగదు. ఈఎంఐ 38, తెనాలి 8, చీటీ 5, టర్మ్, హెల్త్ ప్రీమియాలకు నెలకు ఓ 4 వేలు. మొత్తం 85 వేలు. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు కాబట్టి 6 నెలలు: 5.1 లక్షలు. ఇప్పుడున్న 2 లక్షలు రెండున్నర నెలలు కూడా రావు. అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే ఆస్పత్రి అడ్వాన్సుకని ఇంకో లక్ష వేరుగా ఉండాలి.

ఈ డబ్బుకు ఇంకో పని కూడా ఉంది, మాకు అక్క విషయంలోనే తెలిసింది. క్లెయిమ్ డబ్బు రావడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. బావ జీతం అకౌంట్ ఆయన ఒక్కడి పేరు మీదే. మరణం సంగతి చెప్పగానే బ్యాంకు ఆపేసింది, ఈఎంఐ అక్కడ నుంచే వెళ్ళేది కాబట్టి రెండుసార్లు బౌన్స్ అయింది. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది, నామినీ వాళ్ళమ్మ! పెళ్ళికి ముందు వేసింది, మార్చలేదు. అత్తయ్య మంచి మనిషి, డబ్బు నాకొద్దంది. అయినా ఆధార్‌లో పేరు ఒకలా, ఎఫ్‌డీలో ఒకలా ఉండటంతో ఆవిడను ఊరి నుంచి మూడుసార్లు తిప్పారు. ఆ నాలుగు నెలలూ అక్క గాజులు గోల్డ్ లోన్‌లో ఉన్నాయి.

కాబట్టి 5.1 లక్షల్లో ఒక నెల డబ్బు, 85 వేలు, మీ ఆవిడ సొంత అకౌంట్లో ఉండాలి. మిగతాది ఇద్దరి పేరున ఎఫ్‌డీలు వేయండి. బ్యాంకులో "ఈదర్ ఆర్ సర్వైవర్" అని అడగండి, గడువు తీరాక ఇద్దరిలో ఎవరున్నా తీసుకోవచ్చు. గడువుకు ముందు కూడా ఒక్కరే తీసుకునేలా మొదట్లోనే రాయించుకోండి. ఒకే పెద్ద ఎఫ్‌డీ కాకుండా లక్ష చొప్పున ముక్కలుగా వేస్తే, అవసరమైన ముక్క ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. ఎత్తని చీటీని ఎమర్జెన్సీ కింద రాసుకోకండి. అవసరంలో ఉన్నవాడు పాట పాడితే ఎంత పోగొట్టుకుంటాడో మీకు తెలియంది కాదు.

మీ చేతిలో నెలకు మిగిలేది 4 వేలే కాబట్టి అది టర్మ్ ప్రీమియానికే పోతుంది, పోనివ్వండి. ముందు అదే. ఏడాది తర్వాత చీటీ అయిపోతే ఆ 5 వేలు, ఈలోపు వచ్చే బోనసు ఎఫ్‌డీల్లోకి మళ్ళించండి. అది నిండేదాకా ఇంటి లోనుకు ముందస్తుగా ఒక్క రూపాయి కూడా కట్టకండి. అక్కడ కట్టింది అవసరానికి వెనక్కి రాదు.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. ఎవరి చీటీకైనా, ఎవరి లోనుకైనా హామీ సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ఎంతో చెప్పండి, ఆ 41.6 పక్కన అదీ వేయాలి.