పద్ధతుల అధ్యాయం వల్లే సిమిలారిటీ పెరిగితే ఏం చేయాలి?

ప్రశ్న: నాది ఫార్మసీలో పీహెచ్‌డీ. థీసిస్ సిమిలారిటీ 29 శాతం వచ్చింది. ఎక్కువ భాగం మెటీరియల్స్ అండ్ మెథడ్స్‌లోనే. ఆ పద్ధతులు అందరూ అలాగే రాస్తారు కదా, వేరేలా ఎలా రాయాలి? అన్నీ సైట్ చేశాను, అయినా తగ్గడం లేదు.

జవాబు: కొన్నేళ్ల క్రితం నేలవేము సారాల మీద చేసిన నా థీసిస్‌కు మొదటిసారి 31 శాతం వచ్చింది. అప్పట్లో నేనూ సైటేషన్ పెడితే సరిపోతుందనుకున్నాను. సాఫ్ట్‌వేర్ పోల్చేది పదాల వరుసనే. వాక్యం చివర ఉన్న సంఖ్యను చూసి ఆ వాక్యాన్ని వదిలిపెట్టదు. సైటేషన్ వల్ల మీ నిజాయితీ తెలుస్తుంది కానీ శాతం మారదు. అలాగే కొటేషన్ గుర్తుల్లో పెట్టి మూలం చెప్పకపోతే శాతం తగ్గుతుంది కానీ తప్పు అలాగే ఉంటుంది. ఈ రెండు పనులనూ విడివిడిగా చూసుకోవాలి.

ముందుగా రిపోర్టు ఏ అమరికతో తీశారో లైబ్రరీలో అడగండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, ప్రామాణిక సంకేతాలు, సమీకరణాలు లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినవాటిని కూడా తీసేయవచ్చు. టర్నిటిన్‌లో అయితే Exclude Quotes, Exclude Bibliography అనే అమరికలు ఉంటాయి. చిన్న పోలికలను వదిలేసే అమరిక వేరుగా ఉంటుంది. నా రిపోర్టులో రిఫరెన్సుల జాబితాను తీయించగానే 31 కాస్తా 22 అయింది. మిగిలిన 22 మాత్రం నేను రాసిన తీరు వల్ల వచ్చినదే. అదే నిబంధనల్లో 10 శాతం దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలని ఉంది కాబట్టి, మీ 29తో భయపడనవసరం లేదు, కానీ పని తప్పదు.

రంగులు వేసిన పేజీలను ముద్రించి పక్కపక్కన పరిచినప్పుడు నాకు అసలు కారణం కనిపించింది. డీపీపీహెచ్ పరీక్షను నేను నాలుగు చోట్ల రాశాను: ఆకు, కాండం, వేరు, తర్వాత శుద్ధి చేసిన భాగం. నాలుగింటిలోనూ అవే అరవై డెబ్బై పదాలు. సాఫ్ట్‌వేర్ నా పత్రాన్ని దానితోనే పోల్చలేదు కానీ, ఆ పేరా బయటి పేపర్‌తో కలుస్తోంది కనుక కనిపించిన ప్రతిసారీ ఆ పదాలన్నీ లెక్కకు చేరాయి. అందుకని పద్ధతిని ఒక్కచోటే పూర్తిగా రాసి, ఏ సారానికి ఏ గాఢతలు వాడానో ఒక చిన్న పట్టికలో పెట్టి, మిగతా మూడు చోట్ల ‘3.4లో వివరించిన పద్ధతినే అనుసరించాం’ అని ఒక్క వాక్యం రాశాను. అన్ని మార్పుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. చదివే పరీక్షకులకూ అదే సుఖం.

ఇక మిగిలిన ఆ ఒక్క పేరా సంగతి. నా పాత వాక్యాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘ఒక మిల్లీలీటరు సారానికి మూడు మిల్లీలీటర్ల 0.1 మిల్లీమోలార్ డీపీపీహెచ్ ద్రావణం కలిపి, బాగా కుదిపి, గది ఉష్ణోగ్రత వద్ద 30 నిమిషాలు చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల వద్ద శోషణాన్ని కొలిచాం.’ ఇదే వాక్యం వందల పేపర్లలో ఉంటుంది. ‘కుదిపి’ని ‘కలియబెట్టి’గా, ‘కొలిచాం’ను ‘నమోదు చేశాం’గా మార్చి చూశాను. పోలిక ముక్కలైంది కానీ పోలేదు. పైగా వాక్యపు ఎముకల గూడు ఇంకొకరిదే కాబట్టి అది తిరగరాయడం అనిపించుకోదు.

అప్పుడు మా గైడు గారు అడిగిన ప్రశ్న నాకు దారి చూపింది: ‘నువ్వు నిజంగా అలాగే చేశావా?’ ప్రయోగశాల నోట్‌బుక్ తీసి చూస్తే, చేయలేదు. నేను వాడింది 96 గుంటల ప్లేటు, మొత్తం ఘనపరిమాణం 200 మైక్రోలీటర్లు. ఆకు సారం రంగు 517 దగ్గర కొంత శోషణం చూపుతోందని, ప్రతి గాఢతకూ డీపీపీహెచ్ కలపని బ్లాంకును పెట్టి దాని విలువను తీసివేశాను. థీసిస్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అరువు వాక్యం వల్ల పోలిక పెరగడమే కాదు, నేను చేసిన పని తప్పుగా నమోదైంది.

ఆ తర్వాత మూల పేపర్‌ను మూసేసి, నోట్‌బుక్ మాత్రమే ముందు పెట్టుకుని ఇలా రాశాను: ‘స్వేచ్ఛా రాడికల్ నిరోధాన్ని బ్లోయిస్ (1958) ప్రతిపాదించిన డీపీపీహెచ్ సూత్రం ఆధారంగా, 96 గుంటల ప్లేటుకు తగినట్టు మార్చుకుని కొలిచాం. ఆకు సారానికి సొంత రంగు ఉన్నందువల్ల ప్రతి గాఢతకూ డీపీపీహెచ్ లేని బ్లాంకు ఉంచి, ఆ విలువను 517 నానోమీటర్ల శోషణం నుంచి తీసివేశాం.’ రాశాక మాత్రమే మూలం తెరిచి, అంకెలు సరిపోయాయో లేదో చూసుకున్నాను. పరిమాణాలు నేను మధ్యలోని ఇంకో పేపర్ నుంచి తెచ్చుకున్నవి కనుక, సూత్రానికి బ్లోయిస్‌నూ, పరిమాణాలకు ఆ పేపర్‌నూ విడివిడిగా ఉదహరించాను. అన్నింటికీ కలిపి చివర ఒక్క సైటేషన్ పెడితే ఏది ఎవరిదో చదివేవారికి తెలియదు.

అదే పేరాలో మార్చకూడనివీ ఉంటాయి. రసాయనాల పేర్లు, పరికరం పేరు, 517 నానోమీటర్లు, `% నిరోధం = (A0 − A1) / A0 × 100` అనే సూత్రం, వీటిని అలాగే ఉంచండి. పదాలు మార్చాలనే ఆత్రంలో పారిభాషిక పదాలను చెడగొట్టకండి. బ్రెస్ట్ క్యాన్సర్ అనే మాటను ‘బూజం పెరిల్’ అని మార్చేసిన పేపర్లను పరిశోధకులు 2021లో వెలికి తీశారు. శాతం తగ్గినా అలాంటి రాత పరీక్షకుల ముందు నిలబడదు.

కొటేషన్ అవసరమైన చోటు నాకు ఒక్కటే కనిపించింది. విషప్రభావ పరీక్షకు నేను ఓఈసీడీ 423 మార్గదర్శకాన్ని అనుసరించాను. మోతాదును ఎప్పుడు ఆపాలో చెప్పే రెండు వాక్యాల్లో మాట మారితే అర్థం మారుతుంది. వాటిని జంట కొటేషన్ గుర్తుల్లో, పేరా సంఖ్యతో సహా యథాతథంగా ఇచ్చాను. మిగతా విధానమంతా నా మాటల్లోనే: ఒక్కో దశలో మూడు జంతువులు, నేను మొదలుపెట్టిన మోతాదు, ఎన్ని రోజులు గమనించాను. ప్రోటోకాల్ మొత్తాన్ని కొటేషన్లో పెట్టేస్తే శాతం పడిపోవచ్చు కానీ, మీరేం చేశారో ఆ పేజీలో ఉండదు.

మీరు ఇప్పటికే ప్రచురించిన మీ సొంత పేపర్‌తో పోలిక వస్తుంటే దాన్ని దాచకండి. ఆ అధ్యాయం ఏ పేపర్ నుంచి వచ్చిందో మొదటి పేజీలోనే రాయండి. ఆ పోలికను విడిగా లెక్కించడానికి మీ విశ్వవిద్యాలయంలో ఏ విధానం ఉందో గైడు గారి ద్వారా కనుక్కోండి. సవరించిన ప్రతిని మళ్లీ పరీక్షించేటప్పుడు రిపాజిటరీలో నిల్వ చేయవద్దని లైబ్రరీకి ముందే చెప్పండి. నిల్వ చేస్తే తర్వాతి ప్రతి మీ పాత ప్రతితోనే దాదాపు పూర్తిగా కలిసిపోతుంది.

నా చివరి రిపోర్టు 8 శాతం వచ్చింది. మిగిలినవి పరికరాల పేర్లు, రసాయన గ్రేడులు, సూత్రం పక్కన ఉండే ‘ఇందులో A0 అంటే కంట్రోల్ శోషణం’ వంటి ముక్కలు. వాటి జోలికి పోలేదు. గైడు గారు ప్రతి పోలిక పక్కనా పెన్సిల్‌తో కారణం రాసి సంతకం చేశారు. థీసిస్ అలాగే వెళ్లింది.