లంచం డబ్బుతో ఫ్లాట్, దివాలా: ఏ రెమెడీ?

"డైరెక్టర్ లంచంతో ఫ్లాట్ కొని దివాలా తీశాడు. మూడు సర్టెయింటీలూ రాసి అకౌంట్ ఆఫ్ ప్రాఫిట్స్ అడిగా, మార్కులు రాలేదు. ఎందుకు?" (ఇంగ్లీష్ లా)

ఉద్దేశం, ఆస్తి, లబ్ధిదారులు స్పష్టంగా ఉండాలనే ఆ మూడు సర్టెయింటీలు ఎక్స్‌ప్రెస్ ట్రస్ట్‌కి, అంటే ఒకరు కావాలని పెట్టే ట్రస్ట్‌కండీ, ఇక్కడ ట్రస్ట్‌ని చట్టమే పెడుతుంది.

1. లంచం చేతిలో పడగానే అది కంపెనీదే, చట్టం పెట్టే ఈ ట్రస్టే కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్. 2014లో యూకే సుప్రీంకోర్టు ఎఫ్‌హెచ్‌ఆర్ కేసులో ఇదే చెప్పింది, అక్కడ ఏజెంట్ దాచిన కమిషన్ కోటి యూరోలు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫ్లాట్ ఇప్పుడెంత? లంచం లక్ష పౌండ్లు అనుకోండి, మొత్తం దాంతోనే కొన్నాడు. లక్షా అరవై వేలైతే ఫ్లాట్ మొత్తం కంపెనీకే, అప్పులోళ్ల కంటే ముందు. అకౌంట్ ఆఫ్ ప్రాఫిట్స్, అంటే వచ్చిన లాభాన్ని డబ్బుగా కట్టమనే పర్సనల్ క్లెయిమ్, మాత్రమే అడిగితే వాళ్లతో పాటు క్యూలో నిలబడాల్సిందే.

3. డెబ్బై వేలకి పడిపోతే ఫ్లాట్ తీసుకుని తక్కువైన ముప్పై వేలు పర్సనల్‌గా అడగొచ్చు (1994 రీడ్ కేసు), కానీ ఆ ముప్పై వేలకి మాత్రం క్యూ తప్పదు.