కాల్ చివర గుడ్ నైట్ అనాలా, స్వీట్ డ్రీమ్స్ అనాలా?

"రాత్రి పూట వేరే దేశాల టీమ్‌తో కాల్స్ ఉంటాయి. అయిపోయాక గుడ్ నైట్ ఒక్కటే చాలా, స్వీట్ డ్రీమ్స్, స్లీప్ టైట్ కూడా అనొచ్చా? వాళ్ళ భాషలో చెప్పాలంటే ఏమనాలి?"

స్వీట్ డ్రీమ్స్, స్లీప్ టైట్ రెండూ ఆఫీస్ కాల్‌లో వద్దండి. తప్పని కాదు, అవి పిల్లలకి దుప్పటి కప్పుతూనో, భార్యాభర్తల మధ్యో, బాగా చనువున్న స్నేహితులతోనో అనుకునే మాటలు. మేనేజర్‌కి స్వీట్ డ్రీమ్స్ అని చాట్‌లో పెడితే ఆయన ఏమీ అనడు గానీ ఏం జవాబివ్వాలో తోచక ఓ నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు, నేను చూశాను. అన్నట్టు స్లీప్ టైట్ గురించి ఓ కథ ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది, పూర్వం మంచాలకి తాళ్ళు బిగించేవారు, అందుకే టైట్ అంటారని. నమ్మకండి. అక్కడ టైట్ అంటే గాఢంగా, గట్టిగా నిద్రపోవడం అనే పాత వాడుక, అంతే.

గుడ్ నైట్ సరే, కానీ అది ఇంగ్లీషులో సెలవు తీసుకునేటప్పుడే. రాత్రి పదింటికి కాల్‌లో చేరినా గుడ్ ఈవెనింగ్ అనే అనాలి. ఇంకో సంగతి, మీకు రాత్రయినంత మాత్రాన అవతల రాత్రి కానక్కర్లేదు. అప్పుడు వాళ్ళ వేళని బట్టి చెప్పడమే మర్యాద.

అసలు గమనించాల్సింది, ఒక్కో భాష గీత ఒక్కో చోట గీస్తుంది. ఫ్రెంచ్ వాళ్ళకి బాన్ న్యుయీ అంటే పడక ఎక్కబోయే మనిషికి చెప్పేది. సాయంత్రం పని ముగించి వెళ్ళేవాళ్ళకి బాన్ సువారే అంటారు, మిగిలిన సాయంత్రం బాగా గడవాలని. మా టీమ్‌లో ఒకతను కాల్ చివర ముచ్చటగా బాన్ న్యుయీ అంటే, అవతలి ఆవిడ "ఇంకా వంట కూడా మొదలెట్టలేదు, అప్పుడే పడుకోమంటావా?" అని ఒకటే నవ్వు. స్పానిష్‌లో ఈ గొడవ లేదు, బ్వేనాస్ నోచెస్ వచ్చేటప్పుడూ అదే, వెళ్ళేటప్పుడూ అదే, కాబట్టి కాల్ మొదట్లోనే ఆ మాట వినబడితే మనిషి వెళ్ళిపోతున్నాడని కంగారు పడకండి. వాళ్ళ దగ్గర నాకు బాగా నచ్చింది కె దెస్కాన్సెస్, బాగా విశ్రాంతి తీసుకో అని. గుడ్ నైట్ కంటే ఆప్యాయంగా ఉంటుంది, స్వీట్ డ్రీమ్స్ అంత చనువూ ఉండదు, రోజూ కలిసి పనిచేసేవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. పెద్దవాళ్ళకైతే చివరి స్ తీసేసి కె దెస్కాన్సె అనాలి, మన పడుకోండి లాగా.

జపాన్ వాళ్ళ ఒయాసుమినసాయ్ కూడా నిద్రకి సంబంధించినదే, పని ముగిసినప్పుడు మామూలుగా అది వాడరు. ఆఫీసులో ఎంత చీకటి పడ్డా ఒత్సుకరెసమా దెస్, అంటే మీరు పడ్డ శ్రమకి మా మన్నన అన్నట్టు. కాల్ చివర ఇదొక్కటి వస్తే చాలు.

వీటన్నిటిలో కాస్త నేర్చుకోవాల్సింది అరబ్బీ. మామూలు మాటల్లో మగవాళ్ళకి తిస్బహ్ అలా ఖైర్, ఆడవాళ్ళకి తిస్బహీ అలా ఖైర్, చాలామందికి కలిపి అయితే తిస్బహూ అలా ఖైర్. ఊరూ దేశాన్ని బట్టి పలుకుబడి మారుతుంది. ఇందులో రాత్రి ఊసూ లేదు, నిద్ర ఊసూ లేదు, పొద్దున మంచితో తెల్లారాలి అన్న కోరికే ఉంది. చిక్కు ఎక్కడంటే, గుడ్ నైట్‌కి గుడ్ నైట్ అన్నట్టు అదే మాట తిప్పి అనేస్తాం. అర్థమవుతుంది, ఎవరూ నొచ్చుకోరు, కానీ దానికి వేరే జవాబు ఉంది: మగవాళ్ళకి వ ఇంత మిన్ అహ్ల్ అల్ ఖైర్, ఆడవాళ్ళకి ఇంత బదులు ఇంతి. నువ్వూ ఆ మంచివాళ్ళలో ఒకడివే అని. మా టీమ్‌లో కైరో ఆవిడ కాల్ చివర అలవాటుగా తిస్బహూ అలా ఖైర్ అంటుంది, మేం చాలామందిమి కదా. ఓ రోజు నేను వ ఇంతి మిన్ అహ్ల్ అల్ ఖైర్ అన్నాను. కట్ చేయబోతున్న కాల్ ఆపి, ఇది నీకెవరు నేర్పారని అడిగి మరీ కబుర్లు మొదలెట్టింది, మిగతావాళ్ళంతా నిద్ర కళ్ళతో నన్ను తిట్టుకున్నారు.

అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ఎవరితో రోజూ మాట్లాడతారో వాళ్ళనే అడగండి, ఆఫీసులో వెళ్ళేటప్పుడు మీరేమనుకుంటారు అని. రాత్రి ఏమంటారు అని అడిగితే మాత్రం ఇంట్లో పిల్లలకి చెప్పేది చెప్తారు.