రాత్రి పదింటికి భోజనం... ప్రొటీన్ సాయంత్రమే సర్దుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34, బరువు 60 కిలోలు. శాకాహారిని. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు. ఇంటికొచ్చి తినేసరికి రాత్రి పది దాటుతుంది. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. నాలుగు పూటలకు ఎలా సర్దుకోవాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్క మాట చెప్పండి, పొద్దున మీకు ఆకలి వేస్తోందా? మీలా ఆలస్యంగా తినే చాలామందికి వేయదు. రాత్రి పదిన్నరకు కడుపు నిండా తిని పడుకుంటే తెల్లారేసరికి పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. దాంతో టిఫిన్ మానేస్తారు, ఆ లోటు మళ్లీ రాత్రి భోజనం మీదే పడుతుంది. అందుకే నేను లెక్క పొద్దుటి నుంచి కాకుండా సాయంత్రం ఆరింటి నుంచి మొదలుపెడతాను.

ఆ టైముకి టీ, బిస్కెట్లు కాకుండా శనగల గుగ్గిళ్లు తినండి. 40 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి డబ్బాలో పెట్టుకుంటే 8 గ్రాముల ప్రొటీన్. ఒక గ్లాసు పాలతో కలిపి 14. ఇది కడుపులో పడితే రాత్రికి రెండు పుల్కాలు, 40 గ్రాముల పనీర్ వేసిన కూర సరిపోతాయి. అది 12 గ్రాములు. తిన్నాక పడుకోవడానికి రెండు గంటలైనా గ్యాప్ ఉండాలి. అంత కుదరకపోతే పుల్కా ఒకటి తగ్గించండి, పనీర్ తగ్గించకండి.

అలా చేస్తే నాలుగైదు రోజుల్లో పొద్దుటి ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది. అప్పుడు 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వేసుకోండి, 14 గ్రాములు వస్తుంది. మధ్యలో ఉప్మా పెట్టించుకుంటే రుచే గానీ ప్రొటీన్ పెద్దగా పెరగదు.

మధ్యాహ్నం 20 గ్రాములు సులువే. వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో 8, కప్పు పెరుగులో 4 లేదా 5, మిగతాది పప్పులో. అయితే లెక్క తప్పేదీ ఈ పప్పు దగ్గరే. కందిపప్పులో 22 శాతం ప్రొటీన్ అంటే అది పచ్చి పప్పు తూకం. ఉడికిన పప్పు వంద గ్రాములు తూచి 22 వేసుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది. ముగ్గురికి వంద గ్రాములు వండితే మీ వాటా 7 గ్రాములే, అదీ ముద్దపప్పులా గట్టిగా ఉంటే. క్యారేజీలో పైన తేలే పల్చటి పప్పుచారు పోసుకుంటే అందులో సగం కూడా రాదు.

ఏ పూటైనా రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి. రోజు మొత్తమే ముఖ్యం. గుగ్గిళ్లకు గ్యాస్ పడితే మొదటి వారం సగమే తినండి. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందని ఎప్పుడైనా చెప్పి ఉంటే మాత్రం ఇదంతా ఆపి, ముందు మీ డాక్టర్‌ని అడగండి.