సొంతంగా కట్టిన ఎఫ్ఎం రిసీవర్‌లో సుయ్‌మనే మోత

"డిటెక్టర్ అవుట్‌పుట్‌ని నేరుగా యాంప్లిఫయర్‌కి ఇచ్చాను. స్టేషన్ వస్తోంది కానీ 'స', 'ష' చెవిలో గుచ్చుతున్నాయి, వెనక సుయ్‌మని మోత. ఏం తప్పు?"

మీ సర్క్యూట్‌లో డీ-ఎంఫసిస్, అంటే స్టేషన్ పెంచి పంపిన ట్రెబుల్‌ని తిరిగి తగ్గించే ఫిల్టర్, లేదు. ఎఫ్ఎం డిటెక్టర్ నుంచి వచ్చే నాయిస్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండదు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే నాయిస్ వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది. పాటలో ట్రెబుల్ ఎలాగూ బలహీనమే, అందుకే ముందు మునిగేది అదే. స్టేషన్ వాళ్లు దాన్ని ముందే పెంచి పంపుతారు: 50 మైక్రోసెకన్ల పద్ధతిలో 15 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్స్. రిసీవర్‌లో అంతే తగ్గిస్తే పాట మామూలవుతుంది, దారిలో కలిసిన నాయిస్ మాత్రం అణిగిపోతుంది.

సిగ్నల్ దారిలో 5.1 కిలోఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అమెరికా పద్ధతిలో 75 మైక్రోసెకన్లు, అక్కడైతే 7.5 కిలోఓమ్. స్టీరియో అయితే ఇది డీకోడర్ తర్వాతే, ఒక్కో ఛానెల్‌కి ఒకటి. ముందే పెడితే, డీకోడర్ స్టీరియోని విడదీయడానికి ఆధారపడే 19 కిలోహెర్ట్జ్ పైలట్ సిగ్నల్ నీరసపడి స్టీరియో పోతుంది.