టెక్ సందేహాలు: కారు ఛార్జవుతుంటే మీటరు ఎందుకు మూగబోతుంది?

ప్రశ్న: మేము ఫ్రాన్సులో తులూజ్ దగ్గర ఉంటున్నాం. గ్యారేజీలో ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ పెట్టించినప్పటి నుంచి స్మార్ట్ మీటరు రీడింగు యాప్‌లో వారానికి రెండు మూడు రోజులు ఖాళీగా కనిపిస్తోంది. ఇంటర్నెట్‌లో చూసి, రొదను ఆపుతుందనే ఫెర్రైట్ రింగు కొని ఛార్జర్ కేబుల్‌కు తగిలించాను, లాభం లేదు. మీటరు పాడైందా? బిల్లు తప్పుగా వస్తుందా?

జవాబు: బిల్లు గురించి దిగులు వద్దు. లెక్క మీటరు లోపల భద్రంగానే ఉంటుంది, ఒక రాత్రి అందనిది తరవాత అందుతుంది. తెగుతున్నది కబురు మాత్రమే.

ఫ్రాన్సులోని లింకీ మీటర్లలో సిమ్ ఉండదు. కరెంటు తీగ మీదనే సంకేతం పంపి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న కాన్సన్ట్రేటర్ అనే పెట్టెకు చేరుస్తాయి. అక్కడి నుంచి పైకి మొబైల్ నెట్‌వర్కు. (మన దగ్గర స్మార్ట్ మీటర్లు ఎక్కువగా సిమ్‌తోనో రేడియోతోనో మాట్లాడతాయి, కాబట్టి హైదరాబాద్‌లో మీ బంధువులకు ఈ తంటా తెలియదు.) ఇప్పటి లింకీ వాడే జీ3-పీఎల్‌సీ పద్ధతిలో సంకేతం సుమారు 36 నుంచి 91 కిలోహెర్ట్జ్ మధ్య 36 సన్నని స్వరాలుగా సాగుతుంది. రోజువారీ రీడింగు వెళ్లేది రాత్రిపూట. చవక టారిఫ్ కోసం మీరు కారును ఛార్జింగ్‌లో పెట్టేదీ ఆ వేళకే అయి ఉండాలి.

కారు లోపలి ఛార్జర్ కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి అతికిస్తుంది. ఆ తుంచుడు మోత, దాని రెట్టింపు, మూడింతల స్వరాలు సరిగ్గా మీటరు మాట్లాడే చోటికే వచ్చి పడవచ్చు. చాలా గృహోపకరణాలకు తీగల్లోకి వదిలే రొదపై పరిమితులు ఎన్నో ఏళ్లుగా 150 కిలోహెర్ట్జ్ నుంచే మొదలవుతున్నాయి. ఆ కింద గోల చేసినా అడిగేవారు తక్కువ.

రొదకన్నా గడుసుది ఇంకొకటుంది. ఛార్జర్ లాంటి పరికరాల ముఖద్వారంలో ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను తీసుకోండి. 50 హెర్ట్జ్ ఇంటి కరెంటుకు అది 3,000 ఓములు దాటిన అడ్డు, అంటే ఉన్నా లేనట్టే. అదే 50 కిలోహెర్ట్జ్ సంకేతానికి కేవలం 3 ఓములు. కాలువకు గండి పడినట్టు సంకేతం అటే పోతుంది. పరికరం ఏ చప్పుడూ చేయకుండానే మీటరు గొంతు నొక్కేయగలదన్నమాట.

మీ రింగు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు చెబుతాను. కేబుల్ మొత్తానికి తగిలిస్తే ఫేజు, న్యూట్రల్ రెండూ దాని గుండానే వెళ్తాయి. మీటరు సంకేతం ఒక తీగలో వెళ్లి ఇంకో తీగలో తిరిగొస్తుంది కాబట్టి రింగులో రెండూ రద్దయిపోతాయి, రింగుకు అది కనిపించదు. పోనీ ఒక్క తీగకే తగిలించినా అలాంటి రింగు ఈ ఫ్రీక్వెన్సీలో ఇచ్చే అడ్డు మహా అయితే ఒకటి రెండు ఓములు. నిజంగా అడ్డాలంటే తీగకు వరుసలో చోక్ ఉండాలి. 100 మైక్రోహెన్రీ చోక్ 50 కిలోహెర్ట్జ్ దగ్గర 31 ఓములు అడ్డుతుంది, ఇంటి కరెంటుకు మాత్రం ఓములో వందింట మూడు వంతులే. రొద బయటికి రాదు, సంకేతం కెపాసిటర్ గండిలోకి పోదు. కారు ఛార్జర్ గుంజే 32 ఆంపియర్లను తట్టుకునే చోక్ చిన్నదేమీ కాదు. దాన్ని ఎలక్ట్రీషియనే బిగించాలి.

మీటరూ చేతులు ముడుచుకుని కూర్చోదు. రొద ఉన్న స్వరాలను వదిలేసి మిగతావాటి మీద మాట్లాడుతుంది. బాగా కష్టమైతే రోబో అనే విధానానికి దిగి, ప్రతి బిట్టునూ నాలుగుసార్లు చెబుతుంది, వేగం పడిపోయినా సరే. ఛార్జర్ రొద సాధారణంగా కరెంటు అల ఎగుడుదిగుడులతో పాటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఒక్కో హోరు పక్కపక్క అక్షరాలను మింగేయకుండా, పంపే ముందే బిట్లను కలగాపులగం చేసి వెదజల్లుతారు. పోయిన కొన్నింటిని దోష సవరణ కోడు పూరిస్తుంది. అయినా అందకపోతే పక్కింటి మీటరు మధ్యవర్తిగా నిలిచి కబురు మోస్తుంది. అంటే మీ ఛార్జర్ అదే లైనులోని వేరే వాళ్ల కబురునూ ఆపగలదు. పక్కింటి ఛార్జర్ మీ కబురును ఆపడమూ అంతే సులభం.

అందుకే దోషిని తేల్చే పరీక్ష ముందు చేయండి. మూడు రాత్రులు కారు ప్లగ్ తీసేసి ఉంచండి. తరవాతి మూడు రాత్రులు ప్లగ్ పెట్టే ఉంచి, ఛార్జింగ్ మాత్రం రాత్రి పదింటికల్లా ముగిసేలా టైమర్ పెట్టండి. ఆ కొద్ది రోజులు యూనిట్ ధర ఎక్కువే, తప్పదు. చివరి మూడు రాత్రులు మామూలుగా అర్ధరాత్రి ఛార్జ్ చేయండి. మూడో విడతలోనే రీడింగు తప్పితే దోషి ఎక్కువగా రొదే. రెండో విడతలోనూ తప్పితే కెపాసిటర్లను అనుమానించాలి. అయితే ఛార్జింగ్ ముగిశాక గోడకున్న ఛార్జర్ పెట్టెలోని కాంటాక్టర్ అనే స్విచ్ తెరుచుకునే మోడళ్లలో ఆ కెపాసిటర్లు లైను నుంచి తెగిపోతాయి, కాబట్టి ‘టక్’ మన్న శబ్దం వినిపించిందో లేదో గమనించండి. మూడు విడతల్లోనూ తప్పితే మీ కారుకు సంబంధం లేదు, ఇంట్లోనో వీధిలోనో ఇంకెక్కడో వెతకాలి.

తేదీలు, వేళలు కాగితం మీద రాసి కరెంటు లైన్లు, మీటర్లు చూసే నెట్‌వర్కు సంస్థకు పంపండి. “రీడింగు రావట్లేదు” అని మాత్రమే రాస్తే ముందుగా మీటరు మార్చేందుకు చూడవచ్చు. “ఛార్జింగ్ రాత్రులే తప్పుతోంది” అని రాస్తే ఆ లైనులో రొదను కొలవాలని వాళ్లకు తెలుస్తుంది.