వాక్యం చివర చూడరా చిన్నా

చిన్నా,

నువ్వు పంపిన అరకు వ్యాసం చదివాను. చూసినవన్నీ వివరంగా రాశావు, కానీ రెండో పేజీకే నాకు కళ్ళు పక్కకు పోయాయి. నిడివి ఎక్కువైందేమోనని టెన్షన్ పడకు, అది తగ్గించక్కర్లేదు. నీ వాక్యాలన్నీ ఒకే కొలతలో నడిచి ఒకేలా ముగుస్తున్నాయి, చిక్కంతా అక్కడే. పత్రిక డెస్కులో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా దిద్దింది కూడా ఇదే.

నీ పేరానే చూడు.

"ఉదయం విశాఖలో రైలెక్కాం. రైలు శృంగవరపుకోట దాటింది. అక్కడి నుంచి కొండలు మొదలయ్యాయి. సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పిల్లలు ప్రతి సొరంగంలో అరిచారు. బొర్రా స్టేషన్‌లో చాలామంది దిగారు. మేము అరకు దాకా వెళ్ళాం."

ఒక్కోదానిలో మూడు నుంచి ఐదు మాటలు. ఇంకో సంగతి, ప్రతి వాక్యం చివరి మాటను మాత్రం విడిగా ఒక కాగితం మీద వరసగా రాసుకో: ఎక్కాం, దాటింది, మొదలయ్యాయి, వచ్చాయి, అరిచారు, దిగారు, వెళ్ళాం. మన భాషలో క్రియ చివరకొస్తుంది కాబట్టి, జరిగిన కథ చెబుతున్నప్పుడు ప్రతి వాక్యమూ ఇలాంటి తోకతోనే ఆగుతుంది, పొడుగు మార్చినా ఆ చప్పుడు మారదు. అందుకే మాటలు లెక్కపెట్టుకుంటే సరిపోదు, ముగింపులు కూడా మార్చాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఉదయం విశాఖలో రైలెక్కి, శృంగవరపుకోట దాటేదాకా కునికిపాట్లు పడుతూ కూర్చున్నాం. తర్వాత కొండలు. సొరంగం వెనక సొరంగం వస్తుంటే, చీకటి పడ్డ ప్రతిసారీ పిల్లలు పెట్టె దద్దరిల్లేలా అరుస్తుంటే, కాసేపటికి పెద్దవాళ్ళు కూడా సిగ్గు విడిచి గొంతు కలిపారు. బొర్రా దగ్గర సగం పెట్టె ఖాళీ. మేం మాత్రం అరకు దాకా."

(కునికిపాట్లూ పెద్దవాళ్ళ కేకలూ నేను కల్పించినవి. నిజంగా జరగకపోతే తీసెయ్.)

ఏం మారిందో చూడు. క్రియతో ముగిసినవి రెండే, మిగతా మూడింటికి క్రియే లేదు. "తర్వాత కొండలు" అని ఆపితే తెలుగులో అది పూర్తి వాక్యమే, ఏదో తెగిపోయినట్టు ఉండదు. ఆ రెండు మాటల తర్వాత 18 మాటల వాక్యం వచ్చినా బరువనిపించదు, ఎందుకంటే అందులో "వస్తుంటే", "అరుస్తుంటే" దగ్గర చదివేవాడికి కాలు మోపే చోటు దొరుకుతుంది. పైగా ఆ పొడుగు ఊరికే పెట్టలేదు, సొరంగాలు ఆగకుండా వస్తున్నాయి కదా, వాక్యమూ ఆగకుండా వెళ్ళింది. ఏమీ జరగని చోట వాక్యాన్ని సాగదీస్తే మాత్రం అది సాగదీతలాగే కనిపిస్తుంది.

పొడుగు వాక్యం కట్టేటప్పుడు ఒకచోట జాగ్రత్త. "ఎక్కి, కూర్చుని, తిని" అని కలుపుకుంటూ పోవడం తేలికే, కానీ ఆ పనులన్నీ చేసేది ఒకరే అయ్యుండాలి. "నేను టీ తాగి రైలు కదిలింది" అంటే చెవికే తప్పు తెలుస్తుంది, "నేను టీ తాగేసరికి రైలు కదిలింది" అనాలి. "వాన కురిసి చెరువు నిండింది" ఎందుకు ఒప్పుతుందంటే, అక్కడ మొదటిది రెండోదానికి కారణం.

ఇంకో రకం పొడుగు అసలు పనికిరాదు. "మా మామయ్య విజయనగరంలో కొని నాకిచ్చిన ఎర్ర అట్ట ఉన్న పుస్తకం పోయింది" అని రాశావు. పుస్తకం అనే మాట వచ్చేదాకా ఇవన్నీ దేని గురించో తెలియక మోసుకుంటూ రావాలి. "పుస్తకం పోయింది. ఎర్ర అట్టది, మామయ్య విజయనగరంలో కొనిచ్చింది" అంటే హాయిగా ఉంటుంది.

మాటల్లో "వచ్చాడండీ చివరికి" అని క్రియను ముందుకు తెస్తాం కదా, అది రాతలోనూ బావుంటుంది, కానీ పేజీకి ఒకసారి చాలు. మించితే నాటకంలా ఉంటుంది. పొట్టి వాక్యాలూ అంతే, వరసగా నాలుగు పడితే తంతి చదువుతున్నట్టే.

వ్యాసం చివర టికెట్ ఎలా తీసుకోవాలో, ఎక్కడ దిగాలో చెప్పిన భాగం ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు. అక్కడ జనం ఒక్కో పని వెతుక్కుంటూ చదువుతారు, వాక్యాలన్నీ ఒకేలా ఉంటేనే వాళ్ళకి సుఖం.

మిగతా పేరాలకు ముందు ఆ చివరి మాటల వరస రాసుకో, తర్వాత పైకి చదువు. వరసగా నాలుగైదు ఒకేలా మోగిన చోట గీత పెట్టి, ఆ చోట్లే దిద్ది పంపించు. బాగున్నవాటిని కూడా తిరగరాసి పాడుచెయ్యకు.

మీ బాబాయ్